మెడ కింద మనిషి ఎవరు?

కొడంగల్‌లోనో తాండూరులోనో ఫొటో స్టూడియో నడిపేవాళ్లకు ఇలాంటి మాట కొత్త కాదు: "అన్నా, మా అమ్మది నిలబడ్డ ఫొటో ఒక్కటి గూడ లేదు. ఆధార్ కార్డుల మొఖమే ఉంది. దినాలకు ఫ్లెక్సీ పెట్టాలె, నిండుగ చేస్తవా?" ఇదివరకు కంప్యూటర్‌లో దాచుకున్న కోటు బొమ్మో పట్టుచీర బొమ్మో తీసి దానికి తల అతికించేవాళ్లు. అతుకు కనబడేది. అది ఆమె ఒళ్లు కాదని చూసినవాళ్లకు తెలిసేది. ఇప్పుడు ఏఐ యాప్‌లో ముఖం పెడితే కాసేపట్లో పాదాల దాకా బొమ్మ వస్తుంది, అతుకు మాత్రం ఉండదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

యాప్ లోపల జరిగేది ఇది. ముఖం ఉన్న భాగాన్ని కదలకుండా ఉంచి, కింద ఖాళీ జాగా కలుపుతుంది. ఆ జాగాను ముందు అర్థంలేని చుక్కలతో నింపి, అంతకుముందు చూసిన కోట్ల ఫొటోల అలవాటు ప్రకారం మెల్లమెల్లగా భుజాలుగా, నడుముగా, చీరగా తేలుస్తుంది. ఆ కోట్ల ఫొటోల్లో దుకాణాల ప్రకటనలు, మోడళ్లు, సినిమా వాళ్లు ఎక్కువ. పొలం పనికో, నాపరాయి పాలిష్ పనికో పోయి వచ్చే మనిషి తక్కువ. ముఖంలో సమాచారం లేనిచోట యంత్రం ఆగదు, ఎక్కువమందిని ఎలా చూసిందో అలా గీసేస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక పెద్దమ్మ ఎత్తు 150 సెంటీమీటర్లు, గడ్డం నుంచి నడినెత్తి దాకా తల 21.5 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే ఆమె నిలువు దాదాపు ఏడు తలలు. పెద్దవాళ్లు మామూలుగా ఏడు, ఏడున్నర తలల ఎత్తే ఉంటారు. చిత్రకారులు అందం కోసం గీసే కొలత ఎనిమిది. ఫ్యాషన్ బొమ్మలు ఇంకా పైకి పోతాయి. యంత్రం ఆ అలవాటుతో ఎనిమిది తలలు గీసిందనుకోండి, ఆ ముఖం కిందే 172 సెంటీమీటర్ల మనిషి నిలబడుతుంది. నాలుగడుగుల పదకొండంగుళాల ఆమె ఐదడుగుల ఏడున్నర అంగుళాలు అయిపోయింది. పెరిగిన ఎత్తులో ఎక్కువ భాగం కాళ్లకే పోతుంది. గూని పోతుంది, చేతికర్ర పోతుంది, గోచి పోసి కట్టే చీర స్థానంలో కుచ్చిళ్ల చీర వస్తుంది. మనవడు చూసి "మస్తుంది" అంటాడు. పక్కింటామె మాత్రం "ఎవరీమె?" అంటుంది. నాకు ఆ పక్కింటామె మాటే సరైన పరీక్ష.

ముఖం నుంచి ఒళ్లు ఎందుకు తెలియదంటే, ఫొటోలో కొలబద్ద లేదు. ఒకే ముఖం పొడుగు మనిషిదీ కావచ్చు, పొట్టి మనిషిదీ కావచ్చు. పైగా ముఖం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. అడుగు దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కకట్టారు. ఆ మారిన ముఖాన్నే యంత్రం మూలంగా తీసుకుంటుంది.

ఊహ ఎటు మొగ్గుతుందో 2021లో ర్యాన్ స్టీడ్, ఐలిన్ కాలిస్కన్ అనే పరిశోధకులు చూపించారు. ముఖం ఫొటోలను మెడ కింద కత్తిరించి, మిగతాది నింపమని అప్పటి ఒక నమూనాకు ఇచ్చారు. ఆడవాళ్ల బొమ్మల్లో సగానికి పైగా బికినీలూ లోతు మెడ బట్టలూ వచ్చాయి. మగవాళ్ల బొమ్మల్లో పదింటికి నాలుగు సూట్లూ ఉద్యోగ దుస్తులూ. ఇప్పటి యాప్‌లు కొంత మెరుగుపడ్డాయి, కానీ తెలియనిచోట అలవాటుతో నింపే పద్ధతి మారలేదు. అమ్మ ఫొటో దగ్గర నవ్వుకుని వదిలేయొచ్చేమో గానీ, ఒక అమ్మాయి ముఖానికి ఇలా ఒళ్లు గీసి పంచితే సంగతి వేరు. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని మరొకరి వీడియోకు అతికించి వదిలినప్పుడు ఎంత అలజడి రేగిందో తెలిసిందే. అందులో కనీసం ఆ ఒళ్లు నిజంగా ఒకరిది. ఇక్కడ ఎవరిదీ కాదు.

ఊహను పట్టుకోవడం కష్టం కాదు. అదే ముఖం, అదే మాటలతో నాలుగుసార్లు బొమ్మ అడగండి. భుజాలు, నడుము, చేతుల పొడవు ఒక్కోసారి ఒక్కోలా వస్తే అవి ఆ మనిషివి కావు. అన్నింట్లో ఒకేలా వచ్చినవీ నిజమని కాదు, యంత్రానికి అవి గట్టి అలవాటు అంతే. తర్వాత తల కొలిచి, మనిషి నిలువులో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టండి.

పని చేయక తప్పదనుకునే స్టూడియోవాళ్లు ముందు ఇంటివాళ్లను ఒక పాత పెళ్లి గుంపు ఫొటో అడగాలి. మూలన నిలబడ్డా చాలు, పక్కవాళ్ల భుజంతో పోల్చి ఎత్తు తెలుస్తుంది. గుమ్మం దగ్గర తీసిందైతే ఆ గుమ్మాన్ని ఇప్పుడు వెళ్లి టేపుతో కొలవచ్చు. కుట్టించిన జాకెట్టు దొరికితే భుజాల వెడల్పు అందులోనే ఉంది. కొంగు ఎలా కప్పుకునేది, కర్ర ఏ చేతిలో పట్టేది కూతుళ్లను అడిగితే చెబుతారు. ఇవేవీ లేకపోతే బొమ్మను భుజాల దగ్గరే ఆపి, ఫ్లెక్సీలో ముఖాన్నే పెద్దగా వేయాలి. ఆధార్ ఫొటోలో ఉన్నది అంతవరకే.