నీళ్లు రాని కొట్టు ఎందుకు మూతపడింది?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, న్యూ రాజరాజేశ్వరిపేట ప్రాంతాలను ముంచెత్తింది. చాలా వీధుల్లో రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. కిరాణా వ్యాపారికి అది నెల సరుకులు అమ్ముడయ్యే వారం. పైగా ఆ నెల 7నే వినాయక చవితి. గోడౌన్లు నిండుగా ఉన్న రోజుల్లో వరద వచ్చింది.

అలాంటి వరదలో ఒక చిన్న సూపర్‌మార్కెట్ సంస్థ చిక్కుకుందని ఊహించుకుందాం. దానికి రెండు షాపులు, ఒక గోడౌన్, ఇరవై మంది సిబ్బంది. మొదటి షాపు ముంపులో ఉంది. రెండోది నగరానికి అవతల, మెరక మీద ఉంది. అక్కడ చుక్క నీరు రాలేదు, కరెంటూ పోలేదు. అయినా ఆ రోజు షట్టర్ తీయలేకపోయారు. ఎందుకంటే రెండు షాపుల బిల్లింగూ మొదటి షాపులో ఉన్న ఒక్క కంప్యూటర్ మీదే నడుస్తుంది. రెండో షాపు తాళాలు మేనేజర్ దగ్గర ఉన్నాయి. ఆయన ఇల్లు కూడా ముంపులోనే ఉంది.

ఇలాంటి ముడులను వరదకు ముందే కనిపెట్టి, విప్పి, కాగితం మీద పెట్టేదే బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్. తెలుగులో వ్యాపార కొనసాగింపు ప్రణాళిక. చిన్న సంస్థకు నాలుగైదు పేజీలు చాలు.

ఏది ఆగితే ఎంతసేపటికి దెబ్బ?

మొదటి పని, సంస్థలో జరిగే పనులన్నీ వరసగా రాసుకోవడం. ఒక్కో పనికి ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఇది ఆగిపోతే నష్టం ఎప్పటి నుంచి భరించలేనిదవుతుంది? యజమాని ఎక్కువ సమయం పెట్టే పనే కీలకమైనదని చాలామంది పొరబడతారు. గంటలు గడిచేకొద్దీ నష్టం ఎలా పెరుగుతుందన్నదే అసలు కొలత.

మన ఉదాహరణలో అన్నిటికంటే ముందు తొందరపెట్టేవి ఫ్రిజ్‌లు. కరెంటు పోయాక తలుపు తీయకుండా ఉంచితే మామూలు ఫ్రిజ్‌లోని పాలు, పెరుగు సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటాయి. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ తలుపు తెరవకపోతే దాదాపు రెండు రోజులు ఆగుతుంది. సగమే నిండి ఉంటే ఒక రోజు. కానీ షాపుల్లో ఐస్‌క్రీమ్ పెట్టే గాజుమూత ఫ్రీజర్లు అంతసేపు తట్టుకోవు. కాబట్టి జనరేటర్ నాలుగు గంటల లోపే తిరగాలి.

తర్వాతది బిల్లింగ్. సగం పూట ఆగితే ఆ రోజు కొనుగోలుదారు పక్క కొట్టుకు వెళతాడు. సరుకు దింపుకోవడం ఒకటి రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. జీతాలు, జీఎస్టీ లెక్కల సంగతి వేరు. వాటి గడువు తేదీని బట్టి మారుతుంది. నెల నెలా రిటర్నులు వేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్‌టీఆర్-3బి గడువు 20. నెల 12న ఆగితే తట్టుకోగలిగిన పని 19న ఆగితే తట్టుకోలేం. అందుకే ప్లాన్‌లో ప్రతి పని పక్కనా గంటలతో పాటు, ఏ తేదీల్లో అది అత్యవసరమవుతుందో కూడా రాయాలి.

రెండు గంటలంటే నిజంగా రెండు గంటలేనా?

ప్రతి కీలకమైన పనికీ రెండు సమయాలు ఉంటాయి. మనం తట్టుకోగల గరిష్ఠ వ్యవధి ఒకటి. పని తిరిగి మొదలుపెట్టాలని పెట్టుకున్న లక్ష్యం మరొకటి. దీన్నే రికవరీ టైమ్ అంటారు. రెండోది మొదటిదానికంటే తక్కువగా ఉండాలి, ఎందుకంటే అనుకోని ఆలస్యం తప్పదు. బిల్లింగ్ నాలుగు గంటలకు మించి ఆగకూడదనుకుంటే లక్ష్యం రెండు గంటలు పెట్టుకోవచ్చు.

ఇక్కడే చాలా ప్లాన్‌లు తప్పుతాయి. రెండు గంటలని రాసి ఊరుకుంటారు, లెక్క వేయరు. సంగతి తెలియడానికి 30 నిమిషాలు, ఏం చేయాలో నిర్ణయించడానికి 15, ఇంకో చోటి నుంచి లాప్‌టాప్ తెప్పించడానికి 45, సాఫ్ట్‌వేర్ ఎక్కించి పాత డేటా నింపడానికి 90. మొత్తం మూడు గంటలు. లక్ష్యం అందలేదు. అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంచిన లాప్‌టాప్ రెండో షాపులోనే ఉంటే తెప్పించే పని ఉండదు, డేటా నింపడానికి 45 నిమిషాలు చాలు. అప్పుడు మొత్తం గంటన్నర. ఖర్చు చేయాల్సింది ఎక్కడో ఈ లెక్కే చెబుతుంది.

ఆ గంటన్నరలోనూ అమ్మకం ఆగకూడదు. నంబర్లు వేసిన బిల్లు పుస్తకం, ఎక్కువగా అమ్ముడయ్యే రెండు వందల సరుకుల ధరల పట్టిక కౌంటర్ దగ్గర ఉంచాలి. పట్టికను వారానికోసారి కొత్తగా ప్రింటు తీయాలి. లేకపోతే పాత ధరకు అమ్మి నష్టపోతారు. చేత్తో రాసిన బిల్లులన్నీ తర్వాత కంప్యూటర్‌లో ఎక్కించాలి.

ఇంకో ప్రశ్న: ఎంత పాత డేటాతో సర్దుకోగలం? కాపీ రాత్రి ఒక్కసారే తీస్తే సాయంత్రం ప్రమాదంలో ఆ రోజు బిల్లులన్నీ పోయినట్టే. గంటకోసారి తీసే కాపీ క్లౌడ్‌లోకి వెళ్లాలి. అదే బల్ల మీదున్న డ్రైవ్‌లోకి వెళితే కంప్యూటర్‌తో పాటు అదీ మునుగుతుంది.

ఎవరు ఎవరికి చెప్పాలి?

సమాచార గొలుసులో యజమాని ఇరవై మందికీ ఫోన్ చేయకూడదు. ఆయన ఇద్దరు మేనేజర్లకు, గోడౌన్ ఇన్‌చార్జికి చెబుతాడు. వాళ్లు ఒక్కొక్కరు తమ కింది ఐదారుగురికి చెబుతారు. మొదట అడగాల్సింది ‘క్షేమమేనా?’ అని. పనికి ఎప్పుడొస్తారన్నది ఆ తర్వాతే. అరగంటలో లెక్క పైకి తిరిగి రావాలి: ఎందరు దొరికారు, ఎవరు దొరకలేదు.

యజమాని పావుగంటలో ఫోన్ ఎత్తకపోతే నిర్ణయం ఎవరిదో పేరుతో రాసి ఉండాలి. ఆ వ్యక్తి డీజిల్‌కో, వ్యానుకో ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో కూడా రాయాలి. అధికారం లేనివాడు ఫోన్ అందుకున్నా ఏమీ చేయలేడు. టవర్లు పనిచేయకపోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. ‘ఉదయం పది దాకా కబురు లేకపోతే, రాగలిగినవాళ్లు మాత్రమే రెండో షాపుకు రండి’ అన్న ఒక్క వాక్యం చాలు. ఈ జాబితా, రెండో జత తాళాలు వేర్వేరు ప్రాంతాల్లో ఉండే ఇద్దరి ఇళ్లలో ఉండాలి.

బయటివాళ్లకు చెప్పడానికీ వరస ఉంది. పాల డిస్ట్రిబ్యూటర్‌కు వ్యాను బయల్దేరకముందే చెప్పాలి. బీమా సంస్థకు అదే రోజు తెలియజేయాలి. తడిసిన సరుకును సర్వేయర్ చూడకముందే పారేయకూడదు. ఫొటోలు, స్టాకు పట్టిక సిద్ధంగా ఉంచాలి. వరద నీరు తగిలిన తిండి సరుకు అమ్మకానికి పనికిరాదు. నాశనమైన సరుకుపై తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాల్సి ఉంటుందని కూడా ప్లాన్‌లో రాసి ఉంచాలి. గోడౌన్ చిరునామా పాలసీలో ఉందో లేదో ఈ వారమే చూసుకోవాలి. చాలాచోట్ల షాపు చిరునామా ఒక్కటే ఉంటుంది.

ప్లాన్‌కు ఒక హద్దు ఉంది. మునిగిన షాపు రెండు గంటల్లో తెరుచుకోదు. దానికి వారాలు పట్టవచ్చు. మునగని షాపును నడిపించి, జీతాలకూ సరఫరాదారులకూ డబ్బు ఆడేలా చూడటమే ప్లాన్ పని.

ఈ ప్లాన్ పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి వరద రానక్కర్లేదు. రద్దీ లేని ఒక మధ్యాహ్నం ముందస్తుగా చెప్పకుండా బిల్లింగ్ కంప్యూటర్ ఆపి, గడియారం చూడండి. కాగితం బిల్లు ఎన్ని నిమిషాలకు మొదలైంది? లాప్‌టాప్‌లో కాపీ తెరిచాక, ఆపే ముందు గంటలో కొట్టిన బిల్లులు కనిపించాయా? సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంది? జాబితాలో ఎన్ని నంబర్లు పనిచేయలేదు? గడియారం చూపించిన సమయాన్నే ప్లాన్‌లో రాయండి. అది లక్ష్యం కంటే ఎక్కువుంటే ఏ మెట్టు దగ్గర ఆలస్యమైందో చూసి సరిదిద్దండి. ఆరు నెలలకోసారి, మనుషులు మారినప్పుడల్లా మళ్లీ పరీక్షించండి.