ఆదివారం అరగంట లెక్క

మంగళగిరిలో చిన్న చీరల దుకాణం ఒకటి ఉందనుకుందాం. వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, వెబ్‌సైట్ ఫారంలో రోజూ ఎవరో ఒకరు ధర అడుగుతుంటారు. ఇవన్నీ చూసుకోవడానికి వేరే ఉద్యోగి లేడు. అలాంటి యజమానికి లైకుల లెక్కతో పనిలేదు. ఎవరు అడిగారు, ఎవరికి ఇంకా జవాబు వెళ్లలేదు అన్నదే ముఖ్యం.

దీనికి ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, పేరు లేదా ఫోన్ నంబరు, ఎక్కడినుంచి అడిగారు, ఏమడిగారు, చివరికి ఏమైంది అని ఐదు గడులు గీసుకోవాలి.

ఒక వారం వాట్సాప్‌లో 18, ఇన్‌స్టాగ్రామ్‌లో 9, వెబ్‌సైట్‌లో 4 ప్రశ్నలు వచ్చాయనుకుందాం. మొత్తం 31. పేర్లు, నంబర్లు సరిచూస్తే ముగ్గురు రెండేసి చోట్ల అడిగారని తేలింది. అంటే అసలు మనుషులు 28 మందే. వారిలో 7 మంది కొన్నారు, 10 మంది వద్దన్నారు, 6 మంది ఆలోచిస్తామన్నారు. మిగిలిన 5 మందికి జవాబే వెళ్లలేదు.

ఎందుకని?

ముగ్గురి సందేశాలు ఇన్‌స్టాగ్రామ్‌లోని Requests లో ఉండిపోయాయి. కొత్తవారు రాసినవి మామూలు ఇన్‌బాక్స్‌లో కాక తరచూ అక్కడికే చేరతాయి. మరో రెండు ఫారం మెయిళ్లు Spam లో పడ్డాయి. లెక్క రాసే ముందు ఈ రెండు చోట్లా వెతకాలి.

వెబ్‌సైట్ గడి వరుసగా రెండు వారాలు ఖాళీగా ఉంటే ఫారమే పనిచేయకపోవచ్చు. యజమాని తానే ఒక ప్రశ్న పంపి, అది తనకు చేరుతుందో లేదో చూసుకోవాలి.

ఒక్క వారం అంకెలతో ప్రకటనల ఖర్చు మార్చకండి, నాలుగు వారాలు పక్కపక్కన పెట్టి చూడండి. జవాబు అందని ఆ ఐదుగురికి మాత్రం ఇవాళే ఫోన్ చేయండి.