నీరు తాగేది వరా, నేలా?

“మా అపార్ట్‌మెంటుకు నీళ్ళ ట్యాంకర్లు రాని రోజు లేదు. మిర్యాలగూడ దగ్గర మా పొలంలో చూస్తే నాటు వేసింది మొదలు కోతల ముందు దాకా నీరు నిలిచే ఉంటుంది. మడిని మధ్యమధ్య ఆరనిస్తే నీరు మిగులుతుందట, దిగుబడి తగ్గదట. నమ్మొచ్చా?” బెంగళూరు బెళ్ళందూరు నుంచి ఒక పాఠకుడు వేసిన ప్రశ్న ఇది. ఆయన ఉంటున్న బెళ్ళందూరులోనూ ఒకప్పుడు చెరువు కింద వరి పండేది.

నమ్మొచ్చు. అయితే కారణం చాలామంది అనుకునేది కాదు. ఆరుతడిలో పైరు తక్కువ నీటితో సరిపెట్టుకుంటుందని శిక్షణ తరగతుల్లో కూడా చెబుతుంటారు. అది తప్పు. పైరు తాగేది దాదాపు అంతే. తగ్గేది నేల మింగేది.

లెక్క చూద్దాం. ఎకరం మడిలో ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. పైరు పీల్చుకునేదీ, ఆవిరయ్యేదీ కలిపి రోజుకు 4 నుంచి 7 మిల్లీమీటర్లు. ఇది కాక నేలలోకి ఇంకేది వేరు. బరువు నేలల్లో అది రోజుకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు, ఇసుక పాలు ఎక్కువైన తేలిక నేలల్లో 25 దాటవచ్చు. అంటే అలాంటి మడిలో పైరు తాగేదానికి నాలుగైదు రెట్లు నేల పాలే.

ఈ ఇంకుడును తోసేది పైన నిలిచిన నీటి బరువే. దమ్ము చేసినప్పుడు అడుగున ఏర్పడే గట్టి పొర నీటిని చాలావరకు ఆపుతుంది కానీ, పైన పది సెంటీమీటర్ల నీరు నిలబెడితే ఆ ఒత్తిడికి పొరలోంచి ఊట దిగుతూనే ఉంటుంది. గట్లలోని పీతల బొరియలు, ఎలుక బొరియల గుండా పక్కలకూ పోతుంది. నీటి మట్టం మడి ఉపరితలం కిందికి దిగగానే ఆ ఒత్తిడి బాగా తగ్గుతుంది, బొరియల దారీ మూతపడుతుంది. మిగులు అక్కడే.

మరి పైరు ఎండదా? పైన మట్టి ఆరినట్టు కనిపించినా, కింద నీటిమట్టం దగ్గరలోనే ఉంటే సన్నని మట్టి రంధ్రాలు దీపపు వత్తి నూనెను లాగినట్టు నీటిని వేళ్ళ దాకా లాగుతాయి. ఎంత లోతు వరకు? ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఖాయం చేసిన హద్దు 15 సెంటీమీటర్లు.

దాన్ని కొలవడానికి 30 సెంటీమీటర్ల పైపు ముక్క చాలు. కింది సగానికి రంధ్రాలు పెట్టి, ఆ సగాన్ని మట్టిలో దించి, లోపలి మట్టిని తీసేయాలి. గట్టుకు మరీ ఆనించకూడదు, మిట్టలోనో పల్లంలోనో పెట్టకూడదు. పైపు లోపలి నీరు, బయటి నీరు ఒకే మట్టంలో లేకపోతే రంధ్రాలు పూడాయని అర్థం. నాటిన రెండు వారాలకు మొదలుపెట్టి, పైపులో నీరు మడి ఉపరితలానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగగానే మడిపైన 5 సెంటీమీటర్లు నిలిచేలా పెట్టాలి. ఎకరానికి అలా పైన నిలిచే నీరే రెండు లక్షల లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు పదిహేడు! కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి. ఈనే ముందు వారం, తర్వాత వారం మాత్రం నీరు తీయకూడదు. అప్పుడు ఎండితే తాలు గింజలే మిగులుతాయి.

15 సెంటీమీటర్ల హద్దు దాటితే ఏమవుతుందో 56 అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణ చూపింది. హద్దులో ఆరబెట్టిన చోట దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, నీరు 23 శాతం తగ్గింది. అతిగా ఆరబెట్టిన చోట దిగుబడి కూడా సుమారు 23 శాతం పడిపోయింది. నల్లరేగడిలో ఇంకో చిక్కు ఉంది. పగుళ్ళు గట్టి పొరను చీల్చాయంటే తర్వాతి తడి నేరుగా పాతాళానికే. ఎంతసేపు పెట్టినా నీరు మడి చివరకు చేరకపోవడమే దాని గుర్తు. ఉప్పు పొంగే కోస్తా నేలల్లో అయితే ఆరబెడితే ఉప్పు పైకి వస్తుంది, అక్కడ ఈ జోలికి పోకపోవడమే మేలు.

మడి ఆరితే మట్టిలోకి గాలి చొరబడి మీథేన్ కూడా సుమారు సగం తగ్గుతుంది. కార్బన్ క్రెడిట్ల సందడంతా దాని గురించే.

ఇక నా గొణుగుడు. ఇంకిన నీరంతా వృథా కాదు. కొంత పక్క రైతు బోరులోకి చేరుతుంది. కాబట్టి పొలంలో మిగిలినదంతా ప్రాంతానికి మిగిలినట్టు కాదు. పైగా కరెంటు ఉచితమైన తెలంగాణలో బోరు రైతుకు నీరు మిగిల్చితే జేబులో పడేదేమీ లేదు. సాగర్ ఎడమ కాలువ చివరి రైతుకైతే తర్వాతి వంతు వస్తుందో రాదోనన్న బెంగ. వచ్చినప్పుడే మడి నింపుకోవడంలో ఆయన తప్పేముంది? పైపులు పంచేవారు ముందు కాలువ నీటి తేదీలు ప్రకటించి, ఆ తేదీలకు నీరు వదిలించాలి. ఆ భరోసా లేని చోట 15 సెంటీమీటర్ల హద్దు కాగితం మీదే ఉంటుంది.