ఉప్పు చల్లితే మంచు ఎందుకు కరుగుతుంది?

ఫ్లాస్కులో నీళ్లూ మంచుముక్కలూ వేసి మూతపెడితే 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ అలాగే ఉండిపోతాయి. ఎందుకు?

ఉష్ణోగ్రత, పీడనం మారనప్పుడు ఏ పదార్థమైనా గిబ్స్ శక్తి తగ్గే వైపే మారుతుంది. ఒక ప్రావస్థకు ఇంకాస్త నీరు చేరిస్తే ఆ శక్తి మోల్‌కు ఎంత చొప్పున పెరుగుతుందో, అదే అక్కడ నీటి రసాయన పొటెన్షియల్.

మైనస్ 5 డిగ్రీల దగ్గర ద్రవంలో ఇది మంచులో కన్నా మోల్‌కు సుమారు 110 జౌళ్లు ఎక్కువ. అందుకే నీరు గడ్డకడుతుంది. 0 దగ్గర తేడా సున్నా. ఇటు నుంచి అటు ఎన్ని అణువులు మారినా మొత్తం గిబ్స్ శక్తి తగ్గదు, కాబట్టి మార్పు ఆగుతుంది. అణువులు మాత్రం ఆగవు, అటూ ఇటూ సమానంగా మారుతూనే ఉంటాయి!

అలాగని రెండింటి శక్తీ సమానం కాదు. మోల్ మంచు కరగడానికి 6 కిలోజౌళ్ల వేడి కావాలి. ద్రవంలో పెరిగే ఎంట్రోపీ ఆ లెక్కను సరిచేస్తుంది.

ఇప్పుడు ఉప్పు వేయండి. ఉప్పు ద్రవంలోనే కరుగుతుంది, మంచులోకి దాదాపు పోదు. ద్రవంలో నీటి పొటెన్షియల్ పడిపోతుంది, మంచులోది మారదు. దాంతో మంచు కరుగుతుంది. అందుకు కావలసిన వేడిని ఆ మిశ్రమం నుంచే లాక్కుంటుంది కనుక ఉష్ణోగ్రత దిగుతూ పోతుంది, రెండు పొటెన్షియళ్లూ మళ్లీ కలిసేదాకా. మామూలు ఉప్పుతో ఇలా మైనస్ 21 డిగ్రీల వరకూ దిగవచ్చు.