వార్తల్లో పదం: ముందస్తు దుఃఖం

మనిషి కళ్లముందే ఉన్నా, దక్కడేమోనన్న తలపుతో మొదలయ్యే శోకమే ముందస్తు దుఃఖం. అమెరికాలో పనిచేసిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో దీన్ని వివరించారు. యుద్ధానికెళ్లిన భర్త ఇక రాడని ముందే ఏడ్చి తేరుకున్న భార్య, అతను తిరిగొచ్చాక దగ్గర కాలేకపోవడం ఆయన చూశారు.

ఆదోని దగ్గరి పల్లె నుంచి భర్తను వారానికి మూడుసార్లు కర్నూలుకు డయాలసిస్‌కు తెచ్చే ఇల్లాలిని ఊహించండి. ఆ నాలుగు గంటలూ బయట కూర్చుని, ఆయన లేని ఇంటిని తలచుకుంటుంది. శనక్కాయ పంటకు తెచ్చిన అప్పు తానెట్లా తీర్చాలో లెక్కేసుకుంటుంది. అంతలోనే, అలా అనుకున్నందుకు తనను తానే తిట్టుకుంటుంది. రాత్రి ఆయన ఇష్టంగా నాలుగు ముద్దలు తింటే మళ్లీ ఆశ. ఈ ఊగిసలాట ఆమెలో ప్రేమ తగ్గిందనడానికి గుర్తు కాదు.

ముందే ఏడిస్తే తర్వాత బరువు తగ్గుతుందన్న నమ్మకం నిలవలేదు. ముందు తీవ్రంగా కుంగినవారికే తర్వాతా ఎక్కువ కష్టమని అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ దుఃఖం అలలా వచ్చిపోతుంది. రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పోకపోతే, నిద్ర, తిండి సరిగా లేకపోతే అది కుంగుబాటు కావచ్చు. అప్పుడు వైద్యుడిని కలవాలి. టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.