క్లయింట్ల కోసం పెట్టిన పోస్టులో ఏం రాయాలి, ఏం రాయకూడదు: ఒక పచ్చళ్ల రేట్ కార్డు కథ

ఈ ఎపిసోడ్‌లో నేను రాసిన ఒక పోస్టు గురించి చెప్తాను. నేను ఫ్రీలాన్స్ డిజైనర్‌ని. కొత్త పని కావాలంటే పాత పని చూపించాలి కదా. అక్కడే నేను తప్పులో కాలేశాను.

రాజమండ్రిలో ఒక ఆంటీ ఇంట్లో పచ్చళ్లు చేసి వాట్సాప్‌లో అమ్ముతారు. ఏప్రిల్‌లో ఆవిడకి రెండు పనులు చేశా. సీసాల మీద లేబుళ్లు, వాట్సాప్‌లో పంపడానికి ఒక రేట్ కార్డు. అంతకుముందు ఆవిడ ఉత్త సీసా ఫొటో పంపేవారు. బరువు ఉండదు, ధర ఉండదు. ప్రతి ఒక్కరికీ మళ్లీ టైప్ చేసి చెప్పాల్సిందే. కార్డులో నాలుగు పచ్చళ్లు, పావు కిలో, అర కిలో, కిలో ధరలు ఒకే స్క్రీన్‌లో కనపడేలా పెట్టాం.

జూన్‌లో ఆర్డర్లు ఎలా ఉన్నాయని ఆవిడని అడిగా. మార్చిలో 38, మేలో 81 అన్నారు. ఇంకేముంది, నేను వెంటనే పోస్టు పెట్టేశా: "నా డిజైన్‌తో ఆర్డర్లు 113 శాతం పెంచాను!" లెక్క తప్పేం కాదు, కాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకోండి. లైకులు బాగానే వచ్చాయి. ఒక స్వీట్ షాపు ఆయన మెసేజ్ కూడా చేశారు. ఆయన అడిగింది ఒక్కటే: "పోయినేడాది మేలో ఎన్ని?"

నా దగ్గర జవాబు లేదు. ఆంటీకి ఫోన్ చేశా. ఆవిడ నవ్వారు. "వేసవిలో ఆవకాయ ఆర్డర్లు ఎప్పుడైనా పెరుగుతాయి నాన్నా, మామిడికాయలు వచ్చేదే అప్పుడు కదా" అన్నారు. పుస్తకం తీసి చూస్తే పోయినేడాది మేలో 74. అంటే తేడా 7. పైగా ఈసారి హైదరాబాద్‌లో ఉండే వాళ్లమ్మాయి తన అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా పెట్టిందట. ఆ 7లో నా కార్డు వాటా ఎంత? చెప్పలేం. ఒక్కటి కూడా కాకపోవచ్చు.

స్వీట్ షాపు ఆయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆయన మర్యాదగానే "చూద్దాం అండి" అన్నారు. మళ్లీ మెసేజ్ రాలేదు. పోస్టు డిలీట్ చేశా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. అమ్మకాలు అనేవి డిజైన్‌కి చాలా దూరంలో ఉంటాయి. మధ్యలో సీజన్ ఉంది, ధర ఉంది, రుచి ఉంది, ఎవరు ఎవరికి చెప్పారన్నది ఉంది. కాబట్టి మనం చేసిన వస్తువుకి బాగా దగ్గరగా ఉండే మార్పు ఏంటో వెతకాలి. నేను చేసింది రేట్ కార్డు. దాని పని ఏంటి? "ఎంత అండి?" అని అడగాల్సిన అవసరం తగ్గించడం. అయితే లెక్కపెట్టాల్సింది ఆర్డర్లు కాదు, ఆ ప్రశ్న.

దీన్ని ఎలా లెక్కపెట్టానో కూడా చెప్తా, ఎందుకంటే ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోవడం చాలా ఈజీ. ముందు వాట్సాప్ సెర్చ్‌లో "ఎంత" అని కొట్టా. కుదరలేదు. ఒకళ్లు తెలుగులో రాస్తారు, ఒకళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, ఒకళ్లు వాయిస్ పంపిస్తారు. అందుకని ఆంటీ పక్కనే కూర్చుని, ఆవిడ ఫోన్‌లోనే చాట్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాం. పాత కస్టమర్లని పక్కన పెట్టాం, వాళ్లకి ధరలు ముందే తెలుసు కదా. కొత్త నంబర్లు మాత్రమే తీసుకున్నాం. మార్చిలో మొదట వచ్చిన 40, మేలో మొదట వచ్చిన 40. మధ్యలో మనకి నచ్చినవి ఏరుకోకూడదు, అందుకే "మొదటి 40" అని ముందే అనుకున్నాం.

మార్చిలో 40 మందిలో 31 మంది ధరో బరువో అడిగారు. మేలో 12 మంది అడిగారు. కార్డు చూసి కూడా ఆ 12 మంది ఎందుకు అడిగారంటారా? కొందరు ఫొటో తెరవకుండానే అడిగేస్తారు, అది మన చేతిలో లేదు.

ఇంకోటి కూడా తేలింది. కొరియర్ చార్జీ గురించి మార్చిలో 22 మంది అడిగితే, మేలో 24 మంది అడిగారు. తగ్గలేదు, ఎందుకంటే కార్డులో అది లేనే లేదు. నేను పెట్టడం మర్చిపోయా, ఆవిడా అడగలేదు. దీన్ని పోస్టులో దాచేద్దామా అని కాసేపు అనిపించిన మాట నిజం.

చివరికి రెండో పోస్టు ఇలా రాశా, యథాతథంగా చదువుతా:

"ఇంటి నుంచి పచ్చళ్లు అమ్మే ఒకరికి వాట్సాప్ రేట్ కార్డు, సీసా లేబుళ్లు చేశాను. కార్డుకి ముందు కొత్తగా వచ్చిన 40 చాట్లలో 31 మంది ధర లేదా బరువు అడిగారు. కార్డు వచ్చాక 40లో 12 మంది అడిగారు. కొరియర్ చార్జీ ప్రశ్నలు తగ్గలేదు, అది కార్డులో లేదు, ఇప్పుడు చేరుస్తున్నాం. ఫొటోలు వాళ్లమ్మాయి తీసింది. లేఅవుట్, అక్షరాలు, రంగులు నావి. 8 రోజులు పట్టింది. క్లయింట్ అనుమతితో పెడుతున్నాను. రేట్ కార్డు, మెనూ, లేబుల్ కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి. వచ్చే నెల రెండు పనులు తీసుకోగలను."

ఇందులో శాతం ఎక్కడా లేదు, గమనించారా? 61 శాతం తగ్గాయి అని రాయొచ్చు, లెక్క సరిగ్గానే వస్తుంది. కానీ 61 శాతం అనగానే వెయ్యి మందిని చూసినట్టు వినిపిస్తుంది. 40లో 12 అంటే చదివేవాళ్లకి ఎంత చిన్న లెక్కో వెంటనే తెలిసిపోతుంది.

క్రియ కూడా చూడండి. మొదటి పోస్టులో "పెంచాను" అన్నా. రెండోదాంట్లో "తగ్గించాను" అనలేదు, ముందు ఇంతమంది అడిగారు, తర్వాత ఇంతమంది అడిగారు అన్నానంతే. "తగ్గించాను" అంటే మొత్తం నా ఖాతాలో వేసుకున్నట్టు. మన తెలుగులో ఈ తేడా ఒక్క మాటలో దొరికిపోతుంది.

ఫొటోల మాట అందుకే రాశా. పోస్టులో బొమ్మ చూసి జనం ముందు మెచ్చుకునేది ఫొటోనే. రేపు ఎవరైనా "అలాంటి ఫొటోలు తీయండి" అంటే నేను తీయలేను.

స్క్రీన్‌షాట్ల సంగతి ఒకటి. చాట్లు పెడితే బలంగా ఉంటుందనిపిస్తుంది గానీ, అవతలి వాళ్ల నంబర్లు, పేర్లు, అడ్రస్‌లు అందులోనే ఉంటాయి. ఆంటీ ఒప్పుకున్నా వాళ్లు ఒప్పుకోలేదు కదా. నేను పాత ఫొటో, కొత్త కార్డు మాత్రమే పక్కపక్కన పెట్టా. పాతదాన్ని కావాలని మసకగా చేయలేదు, ఆవిడ పంపేది ఎలా ఉందో అలాగే.

ఈ పోస్టుకి లైకులు మొదటిదాంట్లో సగం కూడా లేవు. మెసేజ్‌లు రెండొచ్చాయి. ఒకాయనది టిఫిన్ సెంటర్. "ఆ 40 చాట్లూ మీరే చదివారా?" అని అడిగారు. అవునండీ, ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది అన్నా. ఆయన తన మెనూ బోర్డు ఫొటో పంపి, పార్సిల్ రేట్లు వేరేగా ఉన్నాయని జనం రోజూ గొడవ పడుతున్నారు, దీనికేమైనా చేయగలరా అన్నారు. ఆ పని ఇప్పుడు నడుస్తోంది. ఈసారి పని మొదలుపెట్టక ముందే, రోజుకి ఎంతమంది పార్సిల్ రేటు అడుగుతున్నారో కౌంటర్ దగ్గర గీతలు పెట్టమని చెప్పా. వారం గీతలు వచ్చాయి.

ఆంటీ కార్డులో కొరియర్ చార్జీ చేర్చేశాం. మళ్లీ 40 కొత్త చాట్లు లెక్కపెట్టాలి. ఇది సీజన్ కాదు కాబట్టి నెమ్మదిగా వస్తున్నాయి, ప్రస్తుతానికి 17 దగ్గర ఉన్నాం. 40 పూర్తయ్యాక ఆ పోస్టులో ఆ ఒక్క లైను మారుస్తా.