చేదుగా ఉంటేనే పనిచేసే డబ్బా పాలు

ఆవుపాల ఎలర్జీ ఉన్న బిడ్డకు డాక్టరు రాసిచ్చిన పొడి డబ్బా మూత తీస్తే మామూలు డబ్బా పాల కమ్మదనం ఉండదు. ముక్కుకు ఘాటైన వాసన తగులుతుంది. కలిపి చుక్క నాలుక మీద వేసుకుంటే చేదు, వెనకే కాస్త పులుపు. డబ్బా పాడైందేమోనని తల్లి అనుమానపడటం సహజం. కానీ అది పాడవలేదు. పాలలోని ఎలర్జీ గుణాన్ని తగ్గించిన పనే ఆ చేదునూ పుట్టించింది.

దీని పేరు ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రోలైజ్డ్ ఫార్ములా. ఆశ్చర్యమేమిటంటే, సాధారణంగా ఇదీ ఆవుపాల ప్రొటీన్‌తోనే తయారవుతుంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చుకుని, దారపు ఉండలా ముడుచుకున్న పదార్థం. ఆవుపాలలోని బీటా లాక్టోగ్లోబ్యులిన్‌లో అలాంటివి 162 ఉంటాయి. తల్లిపాలలో ఈ ప్రొటీన్ సహజంగా ఉండదు. ఎలర్జీ ఉన్న బిడ్డ రోగనిరోధక వ్యవస్థ ఇలాంటి ప్రొటీన్లలోని కొన్ని భాగాలను గుర్తుపట్టి శత్రువుగా భావిస్తుంది. మామూలు ఫార్ములాలో ఆ ఉండలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇందులో మాత్రం వాటిని ఎంజైములతో తుంచేస్తారు. మన క్లోమం ఆహారాన్ని అరిగించడానికి వాడే ఎంజైముల వంటివే ఇవీ. ఆ తర్వాత చాలా ఉత్పత్తుల్లో మిగిలిన పెద్ద ముక్కలను వడకట్టి తీసేస్తారు. మిగిలేవి చాలావరకు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు.

ఇక చేదు సంగతి. అమైనో ఆమ్లాల్లో ల్యూసిన్, ఫినైలలనిన్ వంటి కొన్నింటికి నీళ్లంటే పడదు. పూర్తి ప్రొటీన్‌లో అవి ఎక్కువగా ఉండ లోపలే దాక్కుంటాయి, నాలుకకు దొరకవు. దారం తెగితే అవి బయటపడతాయి. అలాంటివి ఉన్న పొట్టి ముక్కలు నాలుక మీది చేదు గ్రాహకాలకు చక్కగా అతుక్కుంటాయి. కేసిన్‌లో ఇలాంటి అమైనో ఆమ్లాలు, వాటితోపాటు ప్రోలిన్ ఎక్కువ. అందుకే కేసిన్‌ను తుంచి చేసిన డబ్బాల్లో చేదు సాధారణంగా మరింత తెలుస్తుంది. చాలా రకాల్లో పాలచక్కెర ఉండకపోవడంతో, దాన్ని కప్పిపుచ్చే తీపి కూడా తగ్గుతుంది.

పెద్దల ముఖం చిట్లించే ఈ రుచిని రెండు మూడు నెలల బిడ్డ చాలాసార్లు మారు మాట లేకుండా తాగేస్తుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మోనెల్ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్త జూలీ మెనెల్లా బృందం దీన్ని జాగ్రత్తగా పరిశీలించింది. తొలి నెలల్లోనే అలవాటైన పిల్లలు తర్వాత కూడా ఇష్టంగా తాగారు. అయిదారు నెలలు దాటాక మొదటిసారి రుచి చూసినవారు గట్టిగా తిరస్కరించారు. కాబట్టి డాక్టరు అవసరమని చెప్పాక, రుచికి భయపడి నెలలు వాయిదా వేయడం మేలు కాదు.

ఏడు నెలల పాప ఒకరు ఉన్నారనుకుందాం. విరేచనంలో జిగురు, నెత్తురు చారలు కనిపిస్తున్నాయి. దద్దుర్లు, ముఖం వాపు వంటివి ఎప్పుడూ రాలేదు. కొత్త పాలను ఉమ్మేస్తోంది. ఇలాంటప్పుడు డాక్టరు సలహాతో 120 మిల్లీలీటర్ల సీసాలో 30 మిల్లీలీటర్లు కొత్తవి, 90 పాతవి కలపవచ్చు. రెండు పొడులనూ వాటి వాటి కొలత ప్రకారం విడివిడిగా కలిపాకే ఒకచోట పోయాలి. ఒకటి రెండు రోజులకోసారి పాళ్లు మారుస్తూ 60-60, తర్వాత 90-30, చివరికి పూర్తిగా కొత్తవి. పాతవి పూర్తిగా ఆగిన రోజు నుంచే ఫలితం లెక్కించాలి. తాగిన కాసేపటికే దద్దుర్లు, వాపు, వాంతులు వచ్చే బిడ్డకు ఈ కలిపే పద్ధతి ప్రమాదం; పాత పాలు వెంటనే ఆపాలి. చేదు పోవడానికి తేనె కలపకూడదు. ఏడాది లోపు బిడ్డకు తేనె వల్ల బోట్యులిజం ముప్పుంది.

విరేచనం ముదురు ఆకుపచ్చగా, పలచగా మారితే కంగారు పడనక్కర్లేదు, ఈ పాలతో అది మామూలే. చూడాల్సింది నెత్తురు చారలు తగ్గాయా, బరువు పెరుగుతోందా అన్నది. రెండు నుంచి నాలుగు వారాల్లో మెరుగుపడితే, డాక్టరు చెప్పిన పద్ధతిలో పాత పాలు మళ్లీ ఇచ్చి చూస్తేనే ఎలర్జీ సంగతి ఖాయమవుతుంది. ఎలర్జీ ఉన్నవారిలో కనీసం 90 శాతం మందికి పడాలన్నది ఈ ఫార్ములాకు పెట్టుకున్న ప్రమాణం. పడని కొద్దిమందికి ముక్కలు కూడా లేని, విడి అమైనో ఆమ్లాల ఫార్ములా రాస్తారు.

షాపులో పక్కనే ఉండే డబ్బాలతో జాగ్రత్త. లాక్టోజ్ లేని ఫార్ములాలో చక్కెరే మారుతుంది, ప్రొటీన్ అదే. సగం సగం తుంచినదాన్ని హెచ్.ఏ. అని అమ్ముతారు, అందులో పెద్ద ముక్కలు మిగిలే ఉంటాయి. మేకపాలు, గేదెపాల ప్రొటీన్లు ఆవుపాల వాటిని బాగా పోలి ఉంటాయి కనుక అవీ పనికిరావు. ఇక తల్లిపాలు తాగే బిడ్డకు చాలాసార్లు ఈ డబ్బాతో పనే ఉండదు. అవసరమైతే డాక్టరు పర్యవేక్షణలో తల్లి కొన్ని వారాలు పాలు, పెరుగు, వెన్న మానేసి, కాల్షియం మాత్రలు వేసుకుంటూ పాలివ్వడం కొనసాగించవచ్చు.